జీడిపిక్క కొరికిన తమ్ముడు: ఆరు, ఏడు తరగతుల రైటింగ్ వర్క్‌షాప్ నుంచి ఒక కేసు

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల ఒక ఊరి అప్పర్ ప్రైమరీ బడిలో చేసిన యూనిట్ ఇది. తెలుగు పీరియడ్‌కి ఆరు, ఏడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి, మొత్తం 26 మంది. ఊరి పేరు, బడి పేరు చెప్పను. ఈ కేసులో ముఖ్యంగా కనిపించే ఏడో తరగతి అమ్మాయిని ‘ల’ అంటాను. ఇంటి వివరాలు కొన్ని మార్చాను కానీ రాతలో జరిగిన మార్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ కేసు రాయడం వాటి కోసమే.

తరగతిలో అందరి ఇళ్ళలోనూ తెలుగే, మా ఉత్తరాంధ్ర వైపు యాసలో. తేడా అక్షరాల దగ్గరే వస్తుంది. సగం మంది మొదట తెలుగు అక్షరాలు దిద్దారు. మిగతా సగం చిన్న తరగతులు ఒడియాలో చదివి, తెలుగు రాయడం ఆలస్యంగా మొదలుపెట్టారు. ల రెండో గుంపులోది. యూనిట్ మొదలుపెట్టేటప్పుడు ఇది పెద్ద విషయంగా అనిపించలేదు. తర్వాత దీని మీదే చాలా ఆధారపడింది.

పద్ధతి

రైటింగ్ వర్క్‌షాప్ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. రోజూ ఒకటే వరస: పది నిమిషాల మినీ లెసన్, పాతిక నిమిషాలు ఎవరి రాత వాళ్ళు రాసుకోవడం, చివర అయిదు నిమిషాలు ఒకరిద్దరు చదివి వినిపించడం. మా పీరియడ్ 40 నిమిషాలు, కాబట్టి సరిగ్గా సరిపోయింది. ఆ పాతిక నిమిషాల్లో టీచరు కుర్చీలో కూర్చోకుండా ఒక్కో పిల్ల పక్కకి వెళ్ళి మాట్లాడాలి. దాన్నే కాన్ఫరెన్స్ అంటారు. 1970ల చివర్లో డోనాల్డ్ గ్రేవ్స్ అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ బడుల్లో రాస్తున్న పిల్లల పక్కనే కూర్చుని గమనించి చెప్పిన దాంట్లోంచి ఈ పద్ధతి చాలావరకు వచ్చింది.

యూనిట్‌కి అయిదు వారాలు పెట్టుకున్నాను. ప్రక్రియ: తనకి జరిగిన ఒక చిన్న సంగతి. చివరి రోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. ఆయన పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని వాదించిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. తేదీ ముందే ఖాయం కావడం మంచిదైంది. తేదీ లేకపోతే ఇలాంటి యూనిట్ దసరా దాకా సాగుతుంది.

మొదటి రాతలు

మొదటి రోజు ఏ సూచనా లేకుండా రాయమన్నాను. ల రాసింది ఇది:

“మా ఊరు చాలా అందమైన ఊరు. మా ఊరిలో గుడి ఉంది. బడి ఉంది. చెట్లు ఉన్నాయి. మా ఊరు అంటే నాకు చాలా ఇష్టం.”

ఇంచుమించు ఇవే వాక్యాలు ఇంకో నాలుగు పుస్తకాల్లో ఉన్నాయి. వాళ్ళు ఒకరిది చూసి ఒకరు రాయలేదు. అందరికీ వ్యాసం అంటే ఇదే. ‘ఆవు సాధు జంతువు’ రాసిన చెయ్యే ఇదీ రాసింది.

ల విషయంలో ఇంకో రెండు సంగతులు గమనించాను. నోటితో చెప్పమంటే ఆ పిల్ల ఆగదు. ఇంటర్వెల్‌లో చుట్టూ నలుగురిని కూర్చోబెట్టుకుని చెబుతుంది. పుస్తకం తీస్తే అయిదు లైన్లు. రెండోది, కాగితం రబ్బరుతో రుద్దీ రుద్దీ రెండు చోట్ల చిరిగింది. కాబట్టి చెప్పడానికి సంగతి లేకపోవడం ఇక్కడ సమస్య కాదు. నోట్లో ఉన్నది కాగితం మీదకి వచ్చే దారిలో ఏదో ఆపుతోంది.

పని చేయనివి

మొదటి వారం మినీ లెసన్లలో నేను బోర్డు మీద రాసి చూపించాను. ఎంచుకున్న సంగతి, గాలివానకి కరెంటు పోయిన రాత్రి. ఊహ ఏమిటంటే, పెద్ద విషయంలోంచి చిన్న ముక్క ఎలా తీసుకుంటారో పిల్లలు చూస్తారని. మర్నాడు పుస్తకాలు చూస్తే తరగతిలో సగానికి పైగా ఇళ్ళలో కరెంటు పోయింది! కొందరు నా మొదటి వాక్యమే ఎత్తారు. అందరికీ జరిగే సంగతిని, పూర్తిగా రాసి చూపిస్తే, అది నమూనాగా కాక జవాబుగా కనిపిస్తుంది. ఆ తర్వాత మార్చినవి రెండే. పిల్లలకి జరిగే అవకాశం లేని నా సంగతి, హాస్టల్లో ట్రంకు పెట్టె తాళం పోయిన రోజు, తీసుకున్నాను. దాన్ని కూడా పూర్తి చేయకుండా, ఒక చోట ఆగి, “ఇక్కడ ఏం రాయాలో నాకు తోచడం లేదు” అని బోర్డు ముందు నిలబడి ఆలోచించడం చూపించాను. కాపీ చేయడానికి అక్కడ ఏమీ లేదు.

రెండో వారం ల తన విషయం ఎంచుకుంది: వేసవిలో అమ్మతో జీడిమామిడి తోటకి పిక్కలు ఏరడానికి వెళ్ళడం. మా వైపు చాలా కుటుంబాలకి మార్చి నుంచి మే దాకా ఇదే కూలి. రాసింది ఏడు లైన్లు. వాటిలో “నేల” అనాల్సిన చోట “నెల”, “తోట”కి “తొట”, “కోరికాడు”, “ఎడ్చాడు”. మొదటి కాన్ఫరెన్స్ వీటి మీదే నడిచింది. ఎర్ర పెన్ను పెట్టి సరిచేయకపోతే నోట్‌బుక్కులు చూసేవాళ్ళు అడుగుతారు, అది ప్రతి టీచరుకీ ఉన్న టెన్షనే. పిల్ల తల ఊపింది, అన్నీ దిద్దుకుంది.

తర్వాతి చిత్తుప్రతి నాలుగు లైన్లయింది. పక్కపక్కన పెట్టి చూస్తేగానీ ఏం జరిగిందో తెలియలేదు. తప్పులు తగ్గాయి, నిజమే. కానీ తప్పు వచ్చిన మాటలనే వదిలేసింది. “ఏడ్చాడు” లేదు, “కొరికాడు” లేదు, అంటే తమ్ముడి సంగతే లేదు. మిగిలింది “మేము తోటకు వెళ్ళాము. పిక్కలు తెచ్చాము.” దిద్దుబాటు పని చేసిందా లేదా అని తప్పులు లెక్కపెడితే ఇక్కడ మంచి ఫలితం వచ్చినట్టే ఉంటుంది. లైన్లు తగ్గడం, తేలిక మాటలకి దిగిపోవడం, రబ్బరు ఎక్కువ వాడడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే పిల్ల సంగతి వదిలి అక్షరాలను కాపాడుకుంటోందని అర్థం.

పెన్ను పక్కన పెట్టి

అప్పుడు తీసుకున్న నిర్ణయం తరగతి మొత్తానికి: నాలుగో వారం దాకా ఎవరి పుస్తకంలోనూ అక్షరదోషం దిద్దను. రబ్బర్లు డబ్బాలో వేసేయాలి. మార్చాలంటే ఒక గీత కొట్టి పక్కన రాయాలి. రబ్బరు తీసేయడానికి కారణం టైము ఒక్కటే కాదు. కొట్టేసిన మాట కనిపిస్తుంటే, పిల్ల ఏది రాయబోయి ఏది రాసిందో నాకు తెలుస్తుంది.

ల దగ్గర రెండో కాన్ఫరెన్స్‌కి పుస్తకం మూసేయమన్నాను. “తమ్ముడికి ఏమైంది?” అని మాత్రం అడిగాను. పిల్ల చెప్పుకుపోయింది. తమ్ముడికి నాలుగేళ్ళు. పండు నుంచి పిక్క మెలితిప్పి తీస్తూ తను వంగి ఉంది. వాడు ఒక పచ్చి పిక్క తీసుకుని పళ్ళతో కొరికేశాడు. పచ్చి జీడిపిక్క తొక్కులో ఉండే రసం తగిలితే చర్మం పొక్కుతుంది. వాడి పెదాలు కాసేపటికే వాచాయి. అక్కని పిలిచి “అప్పా, నోరు మండతంది” అంటే, ఆటలకి అంటున్నాడనుకుని ల తల ఎత్తలేదు. ఆఖరికి అమ్మ చూసింది. “ఏటే, గుంటడ్ని సూడమని సెప్తే ఏటి సేస్తన్నావు?”

పిల్ల చెబుతుంటే నేను నా దగ్గర ఉన్న చీటీ మీద ఆమె మాటలే మూడు ముక్కలు రాశాను: “వంగి ఉన్నాను”, “నోరు మండతంది”, “ఏటే, గుంటడ్ని”. చీటీ పుస్తకంలో పెట్టి, “ఈ మూడూ నువ్వు ఇప్పుడు చెప్పినవే. వీటి మధ్యలో ఏం జరిగిందో రాయి” అని లేచాను. నాలుగు నిమిషాలు పట్టింది.

చీటీ ఎందుకు? కథంతా నేను రాసి ఇస్తే అది డిక్టేషన్ అయిపోతుంది, పిల్ల చూసి రాస్తుంది. ఏమీ రాయకపోతే, చెప్పిన ఊపు పుస్తకం తెరిచేసరికి ఆరిపోతుంది. మూడు ముక్కలంటే పట్టుకోవడానికి ఆధారం ఉంటుంది, మిగతాది రాయక తప్పదు. అయిదారు ముక్కలు ఇచ్చినచోట పిల్లలు వాటినే వరసగా కాపీ చేసి ముగించారు.

ఆ రోజు పేజీన్నర రాసింది. తప్పులు మొదటికంటే ఎక్కువ. ఊపిరి బిగబట్టి దిద్దకుండా వదిలేశాను.

అందరికీ ఇలా చేయడానికి టైము ఉంటుందా అని తోటి టీచర్లు అడుగుతారు. పాతిక నిమిషాల్లో నాలుగైదుగురిని చూడగలం. 26 మందికి ఒక విడత పూర్తి కావడానికి ఆరు పీరియడ్లు. అంటే నెలలో ఒక్కో పిల్లతో మూడు నాలుగుసార్లు కన్నా మాట్లాడలేం. అందుకే ఒక్కసారికి ఒక్క విషయమే. నేను వాడే పుస్తకంలో ఒక్కో పిల్లకి ఒక పేజీ, మూడు గడులు: ఇప్పుడు ఏం చేస్తోంది, ఏం చెప్పాను, వచ్చేసారి ఏం చూడాలి. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ కాన్ఫరెన్స్ కబుర్లయిపోయిందని తెలిసిపోతుంది. అలాంటివి కొన్ని ఉన్నాయి.

ల పేజీలో మూడో విడత దగ్గర ఏం చెప్పాలన్నది కష్టమైన ఎంపిక. మొదలు నీరసంగా ఉంది (“ఒక రోజు మేము తోటకు వెళ్ళాము”). ముగింపు లేదు. తమ్ముడు కొరికిన క్షణం మాత్రం ఒక్క వాక్యంలో అయిపోయింది. నేను మూడోది తీసుకున్నాను. మొదలూ ముగింపూ ఏ కథకైనా ఉంటాయి, వాటిని మినీ లెసన్‌లో అందరికీ చెప్పొచ్చు. కానీ తను తల ఎత్తకుండా ఉన్న ఆ కాసేపు ఈ పిల్లకి మాత్రమే తెలుసు. “నువ్వు వంగి ఉన్నప్పుడు ఏం కనిపిస్తోంది? ఏం వినిపిస్తోంది?” అని అడిగాను. తర్వాతి ప్రతిలో ఇది వచ్చింది:

“నాకు నేల కనిపిస్తోంది. పళ్ళ మీద ఈగలు ఉన్నాయి. తమ్ముడు నోరు మండతంది అన్నాడు. నేను ఇంకో పిక్క తీశాను. మళ్ళీ అన్నాడు. నేను ఇంకో పిక్క తీశాను.”

ఆ రెండోసారి అదే వాక్యం పెట్టమని నేను చెప్పలేదు.

యాస సంగతి

అమ్మ తిట్టిన మాట యాసలో రాయొచ్చా అని ల తనే అడిగింది. మూడు దారులున్నాయి. అన్నీ పుస్తకాల తెలుగులోకి మార్పించడం, అన్నీ యాసలోనే వదలడం, మనుషులు మాట్లాడిన చోట యాస ఉంచి మిగతాది పిల్ల ఇష్టానికి వదిలి, ఏది ఎంచుకున్నా చివరిదాకా అదే ఉండేలా చూడడం. మొదటిది చేస్తే అమ్మ “ఏమిటే, పిల్లవాణ్ణి చూడమంటే ఏమి చేస్తున్నావు?” అంటుంది. ఆ అమ్మ మా ఊళ్ళో లేదు. రెండోది చేస్తే, ఏడాది చివర పరీక్షలో రాయాల్సిన తెలుగు అలవాటు కాదు. మూడోది ఎంచుకున్నాను. ల కథనాన్ని “వెళ్ళాము, తీశాను” అని ఉంచుకుంది. ఇంకో అబ్బాయి “నాను ఎల్లినాను” అని మొదటి నుంచి చివరిదాకా రాశాడు, అదీ నిలిచింది. మధ్యలో కలగాపులగం అయిన చోట మాత్రమే అడిగాను.

బడిలో పెద్దలకి ఇది నచ్చలేదు. పిల్లలకి తప్పు తెలుగు నేర్పుతున్నారని తల్లిదండ్రులు అంటారన్నారు. గిడుగువారి పేరు చెప్పి గెలవాలని చూడలేదు, ఆ పేరు చెప్తే ఇక్కడ అందరూ దండం పెడతారు, పని మాత్రం మారదు. పరీక్షకి రాసే తెలుగు వేరే పీరియడ్‌లో వేరేగా చెప్తానని ఒప్పుకున్నాక సరేనన్నారు.

దిద్దుబాటు వారం

నాలుగో వారం అక్షరాలు. అప్పటిదాకా ఆపి ఉంచిన తప్పులన్నీ వరసబెట్టి చూస్తే ఒక క్రమం కనిపించింది. ఒడియా ముందు నేర్చుకున్న పిల్లల తప్పులు ఎక్కువగా ఎ–ఏ, ఒ–ఓ దగ్గర. ఒడియా లిపిలో వీటికి హ్రస్వం, దీర్ఘం అని వేరు గుర్తుల్లేవు, ఏకారానికి ఒకటి, ఓకారానికి ఒకటి. ఇ–ఈకి, ఉ–ఊకి వేరు గుర్తులున్నా పలకడంలో తేడా పాటించరు. కాబట్టి ల “నెల” అని రాయడం నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. ఆ పిల్ల మొదట నేర్చుకున్న లిపి ఆ తేడాని రాయమని ఎప్పుడూ అడగలేదు.

రెండో సంగతి నేను ఎదురుచూడనిది. ఒత్తక్షరాల్లో ఈ పిల్లలే మెరుగు. “భయం”, “కథ”, “ధైర్యం” ల సరిగ్గా రాసింది. తెలుగు ముందు నేర్చుకున్న పిల్లలు “బయం”, “కద” రాశారు. ఒడియాలో ఒత్తులు పలుకుతారు, మా యాసలో పలకం.

దీంతో జతలు మార్చాను. అంతకుముందు పక్కపక్కన కూర్చున్నవాళ్ళే జత. ఇప్పుడు ప్రతి జతలో ఒకరు ఒడియా ముందు నేర్చినవాళ్ళు, ఒకరు తెలుగు ముందు నేర్చినవాళ్ళు. రాసినవాళ్ళు వింటారు, రెండోవాళ్ళు రాసింది రాసినట్టే గట్టిగా చదవాలి. “తమ్ముడు నెల మీద కూర్చున్నాడు” అని జత పిల్లాడు చదివేసరికి ల నవ్వు ఆపుకోలేక తనే గీత కొట్టింది. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి దీర్ఘం తప్పు చెవికి దొరుకుతుంది. ఇద్దరూ ఒడియా ముందు నేర్చినవాళ్ళే అయితే ఇది పని చేయదు, చదివేవాళ్ళు అర్థాన్ని బట్టి సరిచేసుకుని చదివేస్తారు. ఒత్తులకి కూడా చెవి పనికిరాదు. అక్కడ ల లాంటివాళ్ళు కంటితో చూసి వేలు పెట్టి చూపించాలి. తరగతిలో తెలుగు రానివాళ్ళుగా లెక్కలో ఉన్న పిల్లలు తెలుగు బాగా వచ్చినవాళ్ళకి దిద్దడం ఆ వారమే మొదటిసారి జరిగింది.

చెక్‌లిస్టులో మూడే పెట్టాను: ఎ–ఏ, ఒ–ఓ తేడాలు; ఒత్తులు; ఎవరైనా మాట్లాడిన చోట కొటేషన్ గుర్తులు. మిగతా తప్పులు ఆఖరి ప్రతిలో కూడా కొన్ని ఉండిపోయాయి. అవి తెలిసే వదిలేశాను.

పుస్తకాలు, పండగ

రెండు ఏ4 కాగితాలు మధ్యకి మడిస్తే ఎనిమిది పేజీలు. మడత మీద మూడు బెజ్జాలు పొడిచి, దబ్బనంతో దారం కుట్టాం. అట్టకి పాత కాలెండరు వెనకవైపు. పెన్సిల్‌తో లైన్లు గీసుకుని పెన్నుతో ఎక్కించడానికి మూడు పీరియడ్లు పట్టింది, అనుకున్నదానికన్నా ఎక్కువ.

29న స్టేజీ, మైకు పెట్టలేదు. 26 మంది మూడేసి నిమిషాలు చదివినా గంట దాటిపోతుంది, పదో పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ వినరు, చివరికి బాగా చదివే అయిదుగురికే మైకు ఇస్తాం. బదులుగా వరండాలోనూ గదిలోనూ ప్రతి పిల్లా ఒక చోట తన పుస్తకంతో కూర్చుంది. వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురుగా ఒక్కో పిల్ల దగ్గర ఆగి విని పక్కకి కదిలారు. ఒక్కో పిల్ల తన కథ అయిదారుసార్లు చదివింది. మూడోసారికి గొంతు తెరుచుకుంది చాలామందికి.

అభిప్రాయం రాయడానికి చీటీలు ఇచ్చాం. మొదటి అరగంట అన్నిటి మీదా “గుడ్”, “వెరీ గుడ్”. అప్పటికప్పుడు చీటీ మీద ప్రశ్న రాసి మళ్ళీ పంచాం: “ఏ చోటు గుర్తుండిపోయింది?” రాయడం రాని తల్లిదండ్రులు చెబితే పిల్లలే రాసుకున్నారు. “ఈగలు” అని నాలుగు చీటీలు ల దగ్గరికి వచ్చాయి.

ల వాళ్ళమ్మ పూర్తిగా విని, కథ తప్పన్నారు. “గుంటడు కొరికింది తోటలో కాదే. ఇంటికి తెచ్చినాక, గుమ్మం కాడ.” ల ఒప్పుకోలేదు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. నేను కలగజేసుకోలేదు, నాకు తెలిసే విషయం కాదు. సాయంత్రం ల పుస్తకం చివరి ఖాళీ పేజీలో ఒక లైను చేర్చింది: “మా అమ్మ ఇది ఇంటి కాడ జరిగింది అంటది. నాకు తోట గుర్తుంది.”

తర్వాత

సెప్టెంబరులో ల రాసిన రెండో సంగతి రెండు పేజీలు. ఒ–ఓ తప్పులు ఇంకా ఉన్నాయి, ఎ–ఏ బాగా తగ్గాయి. అర్ధ సంవత్సర పరీక్షలో ‘మా ఊరు’ వ్యాసం అడిగితే మాత్రం మళ్ళీ “మా ఊరు చాలా అందమైన ఊరు” అనే మొదలుపెట్టింది. అడిగితే “పరీక్షకి అలాగే రాయాలి గదండీ” అంది. మార్కులు కూడా వచ్చాయి. ఆరో తరగతిలో నలుగురికి ఈ యూనిట్ పెద్దగా అందలేదు. వాళ్ళకి తెలుగు గుణింతాలే ఇంకా స్థిరపడలేదు, చీటీ మీద మూడు ముక్కలు కూడా చదవలేకపోయారు. వచ్చే ఏడు ఆ గుంపుతో మొదటి రెండు వారాలు బొమ్మ గీసి, నోటితో చెప్పి, ఒక్కో బొమ్మ కింద ఒక్క వాక్యం రాయడంతో సరిపెట్టి, మిగతావాళ్ళతో మూడో వారంలో కలపాలని ప్లాను వేసుకున్నాను.